ముందు ఒంటరి ఒకట్లను పట్టుకోవాలి

కిరాణా కొట్లో ఎలక్ట్రానిక్ కాటా మీదో, లిఫ్టులో అంతస్తు చూపించే పెట్టె మీదో ఎర్రగా వెలిగే అంకెను కాస్త దగ్గరగా చూస్తే, అది ఏడు చిన్న గీతలతో కట్టిన బొమ్మ అని తెలుస్తుంది. ఏ గీతలు వెలిగించి ఏవి ఆర్పాలన్న దాన్ని బట్టి 0 నుంచి 9 వరకు ఏ అంకైనా వస్తుంది. ఈ గీతలకు పేర్లున్నాయి. పైన ఉన్న అడ్డగీత a. అక్కణ్నుంచి గడియారం ముల్లు తిరిగే దిక్కున వెళ్తే b, c, d, e, f వస్తాయి. నడిమి అడ్డగీత g. ఇందులో ఎడమవైపు కింద నిలబడి ఉండే e గీతనే ఇప్పుడు తీసుకుందాం. అది ఎప్పుడు వెలగాలో నిర్ణయించే సర్క్యూట్‌ని వీలైనంత చిన్నగా ఎలా కట్టాలన్నదే మన లెక్క.

కాగితం మీద అంకెలు గీసుకుని చూస్తే e గీత 0, 2, 6, 8 అంకెల్లో మాత్రమే కనిపిస్తుంది. 1, 3, 4, 5, 7, 9 రావాలంటే అది ఆరిపోయి ఉండాలి. సర్క్యూట్‌కి మాత్రం అంకె మన రాతలో అందదు, నాలుగు తీగల మీద వస్తుంది. వాటిని A, B, C, D అందాం. A తీగలో 1 ఉంటే విలువ 8, B లో ఉంటే 4, C లో 2, D లో 1. అంటే 6 రావాలంటే A=0, B=1, C=1, D=0. దీన్ని 0110 అని రాస్తారు.

తీగలో 1 ఉండాలనుకున్నప్పుడు అక్షరాన్ని అలాగే రాస్తాం, 0 ఉండాలనుకున్నప్పుడు పక్కన చిన్న గీత పెడతాం. A' అంటే A సున్నా అయి ఉండాలి అని. అక్షరాలు పక్కపక్కన ఉంటే ఆ షరతులన్నీ ఒకేసారి నిజం కావాలి. మధ్యలో + ఉంటే అటూ ఇటూ ఉన్నవాటిలో ఏ ఒక్కటి నిజమైనా చాలు. ఈ లెక్కన e గీత వెలిగే నాలుగు సందర్భాలూ ఇవి:

```
e = A'B'C'D' + A'B'CD' + A'BCD' + AB'C'D'
```

ఇందులో తప్పేమీ లేదు. దీన్ని ఉన్నదున్నట్టు కట్టినా గీత సరిగ్గానే వెలుగుతుంది. కాకపోతే నాలుగు తీగలు వచ్చి చేరే యాండ్ గేట్లు నాలుగు, వాటి ఫలితాలను కలిపే ఆర్ గేటు ఒకటి, నాలుగు తీగలకూ తిరగేసే నాట్ గేట్లు కావాలి. ఒక్క గీతకే ఇంత సరంజామా.

తగ్గించే కిటుకు మొదటి పదాన్ని, చివరి పదాన్ని పక్కపక్కన పెడితే దొరుకుతుంది. A'B'C'D', AB'C'D' రెండింటిలోనూ B, C, D ఒకేలా ఉన్నాయి. తేడా A లో మాత్రమే. A సున్నా అయినా వెలగాలి, ఒకటి అయినా వెలగాలి అంటే ఇక A ని అడగడం దేనికి? రెండు పదాలూ కలిసి B'C'D' అయిపోతాయి. ఒకే ఒక్క అక్షరంలో తేడా ఉన్న రెండు పదాలను కలిపి ఆ అక్షరాన్ని కొట్టేయొచ్చన్న ఈ ఒక్క సూత్రం మీదే మొత్తం పద్ధతి నడుస్తుంది. చిక్కు సూత్రంలో లేదు, అలాంటి జంటలను వెతికి పట్టుకోవడంలో ఉంది. నాలుగు పదాలుంటే కంటికి ఆనతాయి. ఎనిమిదో తొమ్మిదో ఉంటే గీతలున్న అక్షరాల మధ్య ఏ జంట తప్పిపోయిందో చూసుకోవడం కష్టం.

వెతికే పనిని బుర్ర మీద నుంచి తీసి కంటికి అప్పగించాలన్న ఆలోచన 1952లో ఎడ్వర్డ్ వీచ్ ప్రచురించిన పటంలో కనిపిస్తుంది. మరుసటి ఏడాది, 1953లో, అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో పనిచేస్తున్న మోరిస్ కార్నో ఆ పటంలో వరుసల క్రమాన్ని మార్చాడు. ఆ మార్పుతోనే పద్ధతి నిలబడింది. మన ఇంజనీరింగ్ కాలేజీల్లో ఎస్‌టీఎల్‌డీ చదివే పిల్లలు కే-మ్యాప్ అని పిలిచేది ఈ కార్నో పటాన్నే.

పటంలో నాలుగు అడ్డవరుసలు, నాలుగు నిలువు వరుసలు, మొత్తం 16 గళ్లు ఉంటాయి. నాలుగు తీగల మీద రాగల కలయికలూ 16 కాబట్టి ఒక్కో కలయికకు ఒక్కో గడి. అడ్డవరుసలకు A, B విలువలను, నిలువు వరుసలకు C, D విలువలను పేర్లుగా పెడతారు. ఆ పేర్లు మాత్రం 00, 01, 10, 11 అని లెక్క వరుసలో పోవు. 00, 01, 11, 10 అని వెళ్తాయి. కార్నో చేసిన మార్పు ఇదే. 01 నుంచి 10 కి వెళ్తే రెండు అంకెలూ ఒకేసారి మారిపోతాయి. 01 నుంచి 11 కి, అక్కణ్నుంచి 10 కి వెళ్తే ప్రతి అడుగులోనూ ఒక్కటే మారుతుంది. దీంతో పక్కపక్కన ఉన్న ఏ రెండు గళ్లను తీసుకున్నా ఒకే అక్షరంలో తేడా ఉంటుంది. కలపగలిగిన జంట ఏదైనా కంటికి ఇరుగుపొరుగుగా కనిపిస్తుంది.

ఇంకో సంగతి ఉంది. వరుసలో చివరిదైన 10 కి, మొదటిదైన 00 కి మధ్య తేడా కూడా ఒక్క అంకెలోనే. అంటే కాగితం మీద పటం అంచు దగ్గర ఆగినట్టు కనిపించినా నిజానికి ఆగలేదు. కుడి అంచు దాటితే ఎడమ అంచులోకి, కింది అంచు దాటితే పై అంచులోకి వస్తాం. కాగితాన్ని గొట్టంలా చుట్టి, ఆ గొట్టం రెండు చివరలనూ కలిపితే గారె ఆకారం వస్తుంది. పటం అసలు రూపం అదే. గారె మీద నడిచే చీమకు అంచంటూ ఎక్కడా తగలనట్టే, ఈ పటంలో మూల గడికి కూడా సరిగ్గా నలుగురు పొరుగువాళ్లుంటారు. అక్షరాలు నాలుగు కాబట్టి పొరుగులూ నాలుగే.

ఇప్పుడు e గీతకు పటం నింపుదాం. 0, 2, 6, 8 గళ్లలో 1 పెడతాం. 1, 3, 4, 5, 7, 9 గళ్లలో 0. ఇంకా ఆరు గళ్లు మిగిలాయి, 10 నుంచి 15 వరకు. ఒక అంకెను చూపించే చోటుకు 10 గానీ 13 గానీ రానే రాదు. రానిదానికి గీత వెలిగినా ఆరినా మనకు పట్టింపు లేదు. అలాంటి గడిలో X వేస్తారు. దీన్ని డోంట్ కేర్ అంటారు.

```
          CD
  AB    00  01  11  10
  00     1   0   0   1
  01     0   0   0   1
  11     X   X   X   X
  10     1   0   X   X
```

గుంపు కట్టడానికి నియమాలు కొద్దివే. గుంపు చతురస్రంగానో దీర్ఘచతురస్రంగానో ఉండాలి. అందులో గళ్లు 1, 2, 4, 8 ఇలా రెట్టింపుగా పెరిగే సంఖ్యలోనే ఉండాలి. లోపల ఒక్క 0 కూడా ఉండకూడదు. ఒకే గడి రెండు గుంపుల్లో ఉన్నా తప్పులేదు, ఎందుకంటే గీత వెలగడానికి ఒక కారణం చాలు, రెండు ఉంటే నష్టం లేదు. మూడు గళ్లకు గుంపెందుకు లేదంటే, ఒక అక్షరాన్ని కొట్టేస్తే గళ్లు రెండింతలవుతాయి, ఇంకోదాన్ని కొట్టేస్తే నాలుగింతలు. మూడు గళ్లను వర్ణించే పదం ఈ భాషలో లేదు.

ముందుగా X లను పట్టించుకోకుండా, వాటిని సున్నాలనుకుని చూద్దాం. 8 గడికి తోడు ఎవరు? అది కింది అంచులో ఉంది. అంచు దాటితే పైన 0 గడి. ఆ రెండూ కలిసి B'C'D'. 6 గడికి పైన ఉన్న 2 తోడు. ఆ జంట A'CD'. నాలుగు పదాలు రెండయ్యాయి, ఒక్కోదాంట్లో మూడు అక్షరాలు. మొదటిదానితో పోలిస్తే మేలే.

ఇప్పుడు X లను మన అవసరానికి వాడుకుందాం. కుడి చివర నిలువు వరుసను చూడండి. పై నుంచి కిందికి 1, 1, X, X. ఆ రెండు X లనూ ఒకట్లుగా తీసుకుంటే నాలుగు గళ్ల గుంపు తయారైంది. ఆ వరుసంతటా C ఒకటి, D సున్నా. A, B మాత్రం మారిపోతూ ఉన్నాయి. మారిన అక్షరాలను కొట్టేసి, మారనివాటిని ఉంచితే CD'. ఇందులో 2, 6 కవరయ్యాయి. ఇక మిగిలింది 0, 8. వీటిని జంటగా తీసుకోవచ్చు గానీ పటం నాలుగు మూలలూ చూడండి. పైన ఎడమ మూల 1, పైన కుడి మూల 1, కింద ఎడమ మూల 1, కింద కుడి మూల X. కాగితం మీద ఎక్కడెక్కడో విసిరేసినట్టున్న ఈ నాలుగూ గారె మీద ఒకే చోట చేరిన చిన్న చతురస్రం. నాలుగింటిలోనూ B సున్నా, D సున్నా. కాబట్టి B'D'. మొత్తం జవాబు:

```
e = B'D' + CD'
```

ఇప్పుడు రెండేసి తీగల యాండ్ గేట్లు రెండు, ఒక ఆర్ గేటు, B కి, D కి నాట్ గేట్లు చాలు. A తీగ ఈ గీత దగ్గరికి రావాల్సిన పనే లేకుండా పోయింది.

దీన్ని మామూలు మాటల్లోకి తెచ్చి చూస్తే మరీ బాగుంటుంది. రెండు పదాల్లోనూ D' ఉంది, అంటే బేసి అంకెకు e గీత ఎప్పుడూ వెలగదు. సరి అంకెలకు వెలుగుతుంది, ఒక్క 4 కి తప్ప. 4 లో B ఒకటి, C సున్నా కాబట్టి రెండు పదాలూ అబద్ధమైపోతాయి. పటంలో ఆ 4 గడి ఎక్కడుందో కూడా చూడండి. రెండో అడ్డవరుస మొదట్లో ఉన్న 0 అదే. అది గనక 1 అయి ఉంటే మొదటి, చివరి నిలువు వరుసలు కలిసి ఎనిమిది గళ్ల గుంపయ్యేవి, జవాబు D' అన్న ఒక్క అక్షరంతో సరిపోయేది. నాలుగును మనం రాసే ఆకారం వల్లే ఈ సర్క్యూట్ ఈ మాత్రమైనా పెద్దదైంది.

X ల విషయంలో ఒకటి గుర్తుంచుకోవాలి. పట్టింపు లేదన్నాం గానీ, గుంపులోకి తీసుకున్న మరుక్షణం ఆ X కు 1 అని విలువ ఖాయమైపోతుంది, వదిలేసిన X 0 అయిపోతుంది. మన సర్క్యూట్‌లో 10, 14 వస్తే e గీత వెలుగుతుంది, 11, 12, 13, 15 వస్తే వెలగదు. ఈ పనికోసమే ఏళ్ల తరబడి ల్యాబుల్లో వాడిన 7447 అనే చిప్ ఉంది. దాని పట్టికలో 9 దాటిన సంఖ్యలకు ఏ గీతలు వెలుగుతాయో కూడా ఇచ్చారు. అంకెలుగా పోల్చుకోలేని వింత ఆకారాలవి. ఆ పట్టికలో e నిలువు వరుసను చూస్తే 10 కి, 14 కి వెలుగుతుంది, మిగతా నాలుగింటికీ ఆరి ఉంటుంది. మన జవాబు చెప్పినట్టే. అదే ఏ తూకం యంత్రంలోనో లోపం వచ్చి 9 దాటిన సంఖ్య లోపలికి వచ్చే అవకాశం నిజంగా ఉంటే, ఆ గళ్లలో X వేయడమే పొరపాటు. అక్కడ 0 వేసి గీత ఆరేలా కట్టాలి, గేట్లు ఎక్కువైనా సరే.

ఇంతవరకు చూసినదాన్ని బట్టి, వీలైనంత పెద్ద గుంపులు కట్టుకుంటూ పోతే చాలనిపిస్తుంది. ఆ నమ్మకం ఎక్కడ దెబ్బతింటుందో చూపించే పటం ఒకటుంది. ఇందులో X లు లేవు. 1, 5, 6, 7, 11, 12, 13, 15 గళ్లలో ఒకట్లున్నాయి.

```
          CD
  AB    00  01  11  10
  00     0   1   0   0
  01     0   1   1   1
  11     1   1   1   0
  10     0   0   1   0
```

తరగతిలో ఈ పటాన్ని బోర్డు మీద వేస్తే చాలామంది చూపు నేరుగా నడిమి నాలుగు గళ్ల మీదికి వెళ్తుంది. 5, 7, 13, 15 చక్కటి చతురస్రం. అన్నింటిలోనూ B ఒకటి, D ఒకటి కాబట్టి పదం BD. రెండే అక్షరాలు. దాన్ని చుట్టేశాక నాలుగు ఒకట్లు బయట మిగులుతాయి. ఒక్కోదానికి లోపలి గడి ఒకదాన్ని తోడు తీసుకుని నాలుగు జంటలు కడతారు. మొత్తం అయిదు పదాలు. నియమాలన్నీ పాటించారు, ఒక్క 0 కూడా గుంపులో పడలేదు, జవాబు కూడా పనిచేస్తుంది. కానీ అందులో ఒక పదం దండగ.

ఎలా కనిపెట్టాలి? పెద్ద గుంపు ఎక్కడుందని కాకుండా, ఒంటరి గడి ఎక్కడుందని అడగాలి. ప్రతి గడికీ నాలుగు పొరుగులు ఉంటాయి కదా. 1 గడికి పొరుగులు 0, 3, 5, 9. వాటిలో 1 ఉన్నది 5 లో మాత్రమే. అంటే 1 గడికి 5 తో తప్ప జత కుదరదు. ఆ జంట తప్పనిసరి, దాని పదం A'C'D. అలాగే 6 కు 7 తప్ప తోడు లేదు, ఆ పదం A'BC. 12 కు 13 తప్ప దిక్కులేదు, ఆ పదం ABC'. 11 కు 15 ఒక్కటే, ఆ పదం ACD. తప్పనిసరి జంటలు నాలుగూ కట్టేశాక పటం మళ్లీ చూడండి. 5, 7, 13, 15 నాలుగూ ఏదో ఒక జంటలో అప్పటికే చేరిపోయాయి. నడిమి చతురస్రం కోసం ఎదురుచూస్తున్న గడి ఒక్కటీ లేదు.

```
f = A'C'D + A'BC + ABC' + ACD
```

అన్నిటికంటే పెద్ద గుంపే ఇక్కడ అక్కర్లేని గుంపు. ఒక గుంపు ఉండాలంటే అది తప్ప ఇంకెవరూ ఆదుకోలేని గడి దానిలో ఒక్కటైనా ఉండాలి. అందుకే చేయి తిరిగినవాళ్లు పెన్సిలు పట్టగానే అతి తక్కువ పొరుగులున్న 1 దగ్గర మొదలుపెడతారు. ఆ గడిని చుట్టగలిగినంత పెద్ద గుంపుతో చుడతారు. ఆపైన ఒకటి కంటే ఎక్కువ దారులున్న గళ్ల దగ్గరికి వస్తారు. అక్కడ సమానంగా చిన్నవైన జవాబులు రెండో మూడో రావచ్చు. పక్కవాడి జవాబు వేరుగా ఉన్నంత మాత్రాన మనది తప్పని కాదు.

సరిచూసుకోవడానికి రెండు పనులు చాలు. నాలుగు అక్షరాల పటంలో రెండు గళ్ల గుంపు పదంలో మూడు అక్షరాలు మిగలాలి, నాలుగు గళ్లకు రెండు, ఎనిమిది గళ్లకు ఒకటి. నాలుగు గళ్ల గుంపుకు మూడు అక్షరాల పదం వచ్చిందంటే చదవడంలో పొరపాటు జరిగింది. చాలాసార్లు అంచు మీది వరుస పేరును తప్పుగా, అంటే మూడో వరుసను 10 అని రాసుకోవడం దానికి కారణం. రెండో పని, జవాబులోని ఒక్కో పదాన్ని వేలితో మూసి, మిగతావాటితో అన్ని ఒకట్లూ కవరవుతున్నాయేమో చూడటం. అయితే మూసిన పదం అక్కర్లేదు.

దండగ అన్న ఆ నడిమి చతురస్రానికి ఒక చోట పని పడుతుంది. గేట్లకు స్పందించడానికి కొన్ని నానో సెకన్లు పడుతుంది. మన f సర్క్యూట్‌లో 5 నుంచి 7 కు మారే క్షణాన్ని ఊహించండి. A=0, B=1, D=1 అలాగే ఉన్నాయి, C ఒక్కటే 0 నుంచి 1 అయింది. 5 ని నిలబెట్టింది A'C'D, 7 ను నిలబెట్టేది A'BC. C మారగానే మొదటి పదం వదిలేసి, రెండోది ఇంకా అందుకోకపోతే, మధ్యలో రెండూ సున్నాగా ఉండే చిన్న ఖాళీ వస్తుంది. ఫలితం 1 గానే ఉండాల్సిన చోట ఒక్క లిప్తపాటు 0 కి పడి లేస్తుంది. ఆసిలోస్కోపు తెర మీద సన్నటి ముల్లులా కనిపించే దీన్ని హజార్డ్ అంటారు. పటంలో దీన్ని ముందే చూడొచ్చు. పక్కపక్కన ఉన్న రెండు ఒకట్లు ఏ ఒక్క గుంపులోనూ కలిసి లేకపోతే ఆ సరిహద్దు దగ్గర ముల్లు వచ్చే వీలుంది. మన జవాబులో అలాంటి సరిహద్దులు నాలుగున్నాయి, 5-7, 7-15, 15-13, 13-5. నాలుగూ నడిమి చతురస్రం లోపలివే. BD ని తిరిగి చేరిస్తే, B, D ఒకటిగా ఉన్నంతసేపూ ఆ పదం ఫలితాన్ని పట్టుకుని ఉంటుంది.

దీపం వెలిగించే సర్క్యూట్‌కి ఈ జాగ్రత్త అక్కర్లేదు, నానో సెకన్ల మినుకు కంటికి తెలియదు. క్లాక్ దెబ్బకు మాత్రమే ఫలితాన్ని చదివే సర్క్యూట్లలోనూ, అప్పటికి ముల్లు సద్దుమణిగి ఉంటే ఇబ్బంది లేదు. కానీ ఆ ఫలితం నేరుగా వెళ్లి ఒక ఫ్లిప్‌ఫ్లాప్‌ను రీసెట్ చేసే తీగ అయితే, ఆ ఒక్క ముల్లుకే లెక్క మొత్తం చెరిగిపోవచ్చు. అక్కడ నాలుగు పదాల జవాబు కంటే అయిదు పదాల జవాబే సరైనది.

పటం హద్దు కూడా నాలుగు అక్షరాల దగ్గరే మొదలవుతుంది. అయిదో అక్షరం వస్తే రెండు పటాలు వేసుకుని ఒకదాని మీద ఒకటి ఉన్నట్టు ఊహించుకోవాలి. ఆరుకు నాలుగు పటాలు, 64 గళ్లు. అక్కడ కన్ను మళ్లీ తడబడుతుంది. క్వైన్, మెక్‌క్లస్కీ పేర్లతో ఉన్న పట్టిక పద్ధతి 1950లలోనే వచ్చింది. ఒకే అక్షరంలో తేడా ఉన్న జంటలను అది గీతలు గియ్యకుండా వరుస లెక్కతో వెతుకుతుంది, కాబట్టి కంప్యూటర్‌తో చేయించొచ్చు. ఇక ఎఫ్‌పీజీఏ చిప్పుల్లో నాలుగు తీగల ఏ లెక్కనైనా 16 విలువలున్న చిన్న పట్టికగా నేరుగా దాచుకుంటారు. మన e గీత నాలుగు పదాలుగా ఉన్నా రెండు పదాలుగా ఉన్నా అందులో పట్టే చోటు ఒకటే.